లయకారుణ్ణి ఆయుష్షు అడగొచ్చా? త్రిమూర్తులూ, ఇష్టదైవమూ

మారేడుదళం
అందరికీ నమస్కారం. చాలా రోజుల్నుంచి ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇప్పుడు అడగక తప్పడం లేదు.

పోయిన నెల అమ్మకి ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో ఉంటే రోజూ పక్కన కూర్చుని మృత్యుంజయ మంత్రం చదువుకున్నాను. చిన్నప్పటినుంచీ నాకు శివుడే దిక్కు. చూడ్డానికొచ్చిన బంధువు ఒకాయన నవ్వుతూ, "ఏమ్మా, లయకారుణ్ణి పట్టుకుని ఆయుష్షు అడుగుతున్నావా? కాపాడే పని విష్ణుమూర్తిది కదా, విష్ణుసహస్రనామం చదువుకో" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. అమ్మ ఇంటికొచ్చేసింది, బాగానే ఉంది. ఆ మాట మాత్రం నన్ను వదలడం లేదు. బ్రహ్మ సృష్టి, విష్ణువు స్థితి, శివుడు లయ అని చిన్నప్పుడు మనమందరం నేర్చుకున్నదే. అది నిజమైతే సృష్టికర్తవు నువ్వే, రక్షకుడివి నువ్వే అని నేను శివుడితో అనడం తప్పా? ఒక దేవుణ్ణే నమ్ముకున్నవాళ్ళు ఈ ముగ్గురి లెక్కని ఎలా సర్దుకుంటారు?

మూడుముక్కలు
సింపుల్ అండీ. గాడ్ అనే మాటలోనే ఉంది. జనరేటర్, ఆపరేటర్, డిస్ట్రాయర్. మొదటి అక్షరాలు కలిపి చూడండి. మూడు డిపార్ట్‌మెంట్లు, ముగ్గురు మంత్రులు. ఏ పనికి ఆ మంత్రి దగ్గరికెళ్ళాలి. ముంబై దగ్గర ఎలిఫెంటా గుహలో మూడు తలల త్రిమూర్తి విగ్రహం చూశాను, అక్కడా ఇదే చెప్పారు. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు ఒకే రాతిలో. మీ బంధువు చెప్పినదాంట్లో తప్పేం లేదు.

ఆశ్లేష
మా అబ్బాయిది ఆశ్లేషా నక్షత్రం, కర్కాటక రాశి. వాడికి ఇష్టదైవం ఎవరవుతారో ఎవరైనా చెప్పగలరా? సుబ్రహ్మణ్యుడా, విష్ణువా?

పాతతాటాకు
ఆశ్లేష గారూ, ఇక్కడ మాట్లాడుకుంటున్నది జాతకంలోంచి వచ్చే దేవత గురించి కాదు. అది వేరే లెక్క, జ్యోతిషం విభాగంలో అడగండి. ఇష్టదైవమంటే పేరులోనే ఉంది, మనసుకి ఇష్టమైనది.

మూడుముక్కలు గారూ, ఆ గాడ్ లెక్క ఇంగ్లీషు అక్షరాలతో మనవాళ్ళు సరదాకి కట్టుకున్నది, ఆ మాట పుట్టుకకీ దానికీ సంబంధం లేదు. ఎలిఫెంటా బొమ్మని కూడా చాలాకాలం త్రిమూర్తి అనే పిలిచారు, మీకు చెప్పినవాళ్ళూ అలాగే చెప్పి ఉంటారు. అది సదాశివమూర్తి. మధ్యలో ప్రశాంతంగా కళ్ళు మూసుకున్నది తత్పురుష ముఖం. ఒక పక్క మీసాలతో, పాముతో కోపంగా ఉన్నది అఘోరం. రెండో పక్క స్త్రీలా సుకుమారంగా, చేతిలో పువ్వుతో ఉన్నది వామదేవం, దాన్నే ఉమ అనీ అంటారు. అక్కడ బ్రహ్మా లేడు, విష్ణువూ లేడు. శాంతమూ శివుడే, ఉగ్రమూ శివుడే, లాలిత్యమూ శివుడే. అంటే మీరు చూపించిన సాక్ష్యం మారేడుదళం గారి వైపే నిలబడుతోంది.

అమ్మా, మీరు చదివిన మంత్రంలోనే మీ బంధువుకి జవాబుంది. "త్ర్యంబకం యజామహే సుగంధిం పుష్టివర్ధనం". పుష్టిని పెంచేవాడా అని పిలుస్తున్నాం. అది ఋగ్వేదం ఏడో మండలంలోని మంత్రం. ఈ ముగ్గురికీ మూడు పనులు పంచిన పురాణాల కాలానికి చాలా ముందుది. లయ చేసేవాడు కాబట్టి ఆయన్ని ఆయుష్షు అడగకూడదనే ఆలోచన ఆ మంత్రానికి తెలియదు.

అసలు విషయానికి కొంచెం తీరిగ్గా వస్తాను, ఇంట్లో పని ఉంది.

తిరుమణిపెట్టె
పాతతాటాకు గారు వచ్చేలోపు నా మాట. ముగ్గురూ ఒక్కటే, ఎవర్ని పట్టుకున్నా ఒకటే అని ఇక్కడ అందరూ తేల్చేస్తారని తెలుసు. మా శ్రీవైష్ణవ సంప్రదాయం దాన్ని ఒప్పుకోదు. ముగ్గురూ ఒకే వ్యక్తి అనడాన్నీ, ముగ్గురూ సమానమనడాన్నీ, ముగ్గురికీ పైన ఇంకెవరో ఉన్నారనడాన్నీ మా ఆచార్యులు వరసగా ఖండించారు. నారాయణుడే పరతత్వం. బ్రహ్మ, రుద్రుడు గొప్ప పదవుల్లో ఉన్న జీవులు, వాళ్ళ లోపల అంతర్యామిగా ఉండి పని చేయించేది ఆయనే. ఆయనే ఆ ముగ్గురిలో ఒకడిగా కూడా దిగివచ్చాడు, రాజు తన కొలువులో తానూ ఒక ఉద్యోగం చేసినట్టు. కాబట్టి మీ బంధువు చెప్పిన దారి మంచిదే, కారణం మాత్రం వేరు. విష్ణువు రక్షణ శాఖ చూస్తాడని కాదు, మూడూ ఆయనవే కాబట్టి.

శంఖుపువ్వు
మా అమ్మవారి సంగతి మర్చిపోతున్నారు. ఆ ముగ్గురూ ఆవిడ మంచానికి కోళ్ళు. ఈశ్వరుడు నాలుగో కోడు, సదాశివుడు పైన పలక. లలితా సహస్రనామంలో "సృష్టికర్త్రీ బ్రహ్మరూపా గోప్త్రీ గోవిందరూపిణీ సంహారిణీ రుద్రరూపా" అని వరసగా వస్తాయి, రోజూ చదివేవాళ్ళకి తెలుసు. తర్వాత తిరోధానం, అనుగ్రహం కలిపి అయిదు పనులు. నా మట్టుకు నాకు ఈ ప్రశ్నే లేదు. సౌందర్యలహరి చెప్పినట్టు నీ పాదాలకి చేసిన పూజే ఆ ముగ్గురికీ పూజ.

పాతతాటాకు
వచ్చాను. చూశారా, తిరుమణిపెట్టె గారూ శంఖుపువ్వు గారూ ఒకరితో ఒకరు ఒప్పుకోరు గానీ ఇద్దరి మాట ఆకారం ఒకటే. ముగ్గుర్నీ కొట్టిపారేయలేదు. ముగ్గురి వెనకా ఒకరిని నిలబెట్టారు, ఆ ఒకరు తమ దైవం. నేను చెప్పదలచుకున్నదీ ఇదే. త్రిమూర్తులనేది పూజకి వేసిన పంక్తి కాదు, జగత్తు నడకని మూడుగా చెప్పుకునే పద్ధతి. శివుడనే పేరు మనం రెండు చోట్ల వాడుతున్నాం. ఆ ముగ్గురిలో ఒకడు ఒక చోట, ముగ్గురికీ మూలమైనవాడు ఇంకో చోట. శైవాగమాలు ఈ తికమక లేకుండా సంహారం చేసేవాణ్ణి రుద్రుడని వేరుగా పిలిచి, పరశివుణ్ణి పైన ఉంచాయి. మీ బంధువు మొదటి శివుడి గురించి మాట్లాడారు, మీరు రెండో శివుడికి మొక్కారు.

దీన్ని గాల్లో మాటలా వదిలేయను. పోతన గారి భాగవతం ఎనిమిదో స్కంధం ఒక్కటి తీయండి చాలు.

మొదట గజేంద్రమోక్షం. ఏనుగు ఎవర్ని పిలిచింది? "ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై యెవ్వనియందు డిందు". పుట్టించేది, లోపల ఉంచుకునేది, కలిపేసుకునేది, మూడు పనులూ ఒకే "ఎవ్వడు" చేతిలో పెట్టింది. పేరు చెప్పలేదు. పేరు లేదు కాబట్టి ఎవరు రావాలన్నదే అక్కడ కథ. పోతన జవాబు కూడా రాశారు: "విశ్వమయత లేమి వినియు నూరక యుండి రంబుజాసనాదులు". బ్రహ్మ మొదలైనవాళ్ళకి ఆ మొర వినబడింది, కానీ తాము విశ్వమంతా నిండినవాళ్ళం కాము కాబట్టి ఊరుకున్నారు. విశ్వమయుడైన విష్ణువు కదిలాడు.

ఇక్కడ ఆపేస్తే తిరుమణిపెట్టె గారు గెలిచినట్టే. ఆగకండి. అదే స్కంధంలో కాస్త ముందుకెళ్తే క్షీరసాగర మథనం. హాలాహలం పుట్టింది, లోకాలు మాడిపోతున్నాయి. ప్రజాపతులు శివుడి దగ్గరికి పరిగెత్తారు. కాపాడమని అడగడానికి, అదీ లయకారుణ్ణి! వాళ్ళ స్తుతిలో పద్యం ఇది:

మూడు మూర్తులకును మూడు లోకములకు
మూడు కాలములకు మూల మగుచు
భేద మగుచు దుది నభేదమై యొప్పారు
బ్రహ్మ మనగ నీవ ఫాలనయన!

మూడు మూర్తులకీ మూలం నువ్వే, నుదుట కన్నున్నవాడా అంటున్నారు. సంస్కృత మూలంలో ఇంకా సూటిగా ఉంది. నీ శక్తితో సృష్టి స్థితి లయలు చేయదలచినప్పుడు బ్రహ్మ, విష్ణు, శివుడనే పేర్లు నువ్వే తీసుకుంటావని. ఆ వరసలో చివరి పేరు గమనించండి. శివుడే శివుడనే పేరు పెట్టుకుంటాడట. నేను చెప్పిన రెండు చోట్లు అవే.

ఒకే గ్రంథం, ఒకే స్కంధం. ఏనుగుని కాపాడినప్పుడు మూలం విష్ణువు. విషం మింగినప్పుడు మూలం శివుడు. అమ్మా, మీరు ఆసుపత్రిలో చేసింది ప్రజాపతులు చేసిన పనే.

మారేడుదళం
పాతతాటాకు గారూ, ఈ పద్యం నాకు తెలియదు. హాలాహలం కథ వందసార్లు విన్నాను గానీ అది రక్షించడమేనని ఎప్పుడూ తట్టలేదు.

తిరుమణిపెట్టె
ఒక్క నిమిషం. అది ఆపదలో ఉన్నవాళ్ళు చేసిన స్తోత్రం. స్తోత్రంలో పొగిడిన ప్రతి మాటా సిద్ధాంతమైపోదు. అదే భాగవతం మొదటి స్కంధం రెండో అధ్యాయంలో ఉంది: ఒకే పరమపురుషుడు మూడు గుణాలతో హరి, విరించి, హరుడు అని పేర్లు ధరిస్తాడు, అయితే మనుషులకి శ్రేయస్సు సత్త్వమూర్తి అయిన హరి వల్లనే అని. పదో స్కంధంలో భృగుమహర్షి ముగ్గుర్నీ పరీక్షించి ఎవరు గొప్పో తేల్చిన కథ ఉండనే ఉంది. స్తోత్రాన్ని పట్టుకుని నిర్ణయాన్ని వదిలేయడం న్యాయమా?

పాతతాటాకు
గట్టి ప్రశ్నే. భృగువు కథని నేను దాటేయను, భాగవతం తూకం విష్ణువు వైపే మొగ్గుతుంది. దాని పేరే భాగవతం కదా. కానీ స్తోత్రమని పక్కన పెడితే గజేంద్రుడిదీ స్తోత్రమే. పైగా నాలుగో స్కంధంలో దక్షయజ్ఞం చివర సాక్షాత్తూ విష్ణువే దక్షుడితో చెప్పిన మాట ఉంది. ఒకే స్వభావం ఉన్న మా ముగ్గురిలో భేదం చూడనివాడే శాంతి పొందుతాడని. అది పొగడ్త కాదు, ఉపదేశం.

ఇదొక్క భాగవతంలోనే ఉన్న సంగతీ కాదు. కాళిదాసుని చూడండి. రఘువంశం పదో సర్గలో దేవతలు విష్ణువుని పొగుడుతూ పుట్టించి, భరించి, సంహరించే మూడు రూపాలవాడా అంటారు. కుమారసంభవం రెండో సర్గలో అదే దేవతలు బ్రహ్మ ముందు నిలబడి త్రిమూర్తివైన నీకు నమస్కారం అంటారు. అవును, బ్రహ్మకే. ఏడో సర్గలో కాళిదాసే చెప్పేస్తాడు: ఒకే మూర్తి మూడుగా చీలింది, ముందూ వెనకా అన్నది వాళ్ళలో వంతులవారీగా మారుతుంటుంది, ఒకసారి విష్ణువుకి హరుడు ముందు, ఒకసారి హరుడికి హరి ముందు, ఒకసారి ఇద్దరికీ బ్రహ్మ ముందు అని.

తిరుమణిపెట్టె
కాళిదాసు కవి. ప్రమాణం కాదు.

పాతతాటాకు
ఒప్పుకున్నాను.

మూడుముక్కలు
ఎలిఫెంటా గురించి చూసుకున్నాను, మీరు చెప్పింది నిజమే. సరే, ఒక అనుమానం. ముగ్గురూ వంతులవారీగా ముందుకొస్తారంటున్నారు. మరి బ్రహ్మకి గుడులేవి? ఆయన్ని ఇష్టదైవంగా పెట్టుకున్నవాళ్ళని నేనెక్కడా చూడలేదు. పుష్కర్ ఒక్కటే కదా?

పాతతాటాకు
ఒక్కటే అనేది అందరూ అనే మాట గానీ నిజం కాదు, కొన్ని ఉన్నాయి. మన గుంటూరు జిల్లా చేబ్రోలులోనే కోనేటి మధ్యలో చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉంది, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. కానీ లోపలికెళ్ళి చూడండి. లింగానికి నాలుగు వైపులా బ్రహ్మ రూపాలుంటాయి. పీఠం శివుడిదే. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలని తొమ్మిది గుడులు ఉన్నాయి, బాదామి చాళుక్యుల కాలానివి. పేర్లు బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, ఇలా ఉంటాయి. అన్నీ శివాలయాలే.

ఇంకో మంచి ఉదాహరణ హనుమకొండ వేయిస్తంభాల గుడి. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించాడు. మూడు గర్భగుడులున్న త్రికూటాలయం. మూడంటే త్రిమూర్తులనుకుంటాం. అక్కడ రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, మూడోది సూర్యుడు. మూడు గదులు కట్టే అవకాశం వచ్చినా బ్రహ్మకి ఒకటి ఇవ్వలేదు. జనం కొలిచే దేవతల జాబితా వేరు, పుస్తకంలో మూడు పనుల జాబితా వేరని దీనికంటే బాగా చెప్పేది లేదు. ఎందుకు బ్రహ్మకి పూజ తగ్గిందన్నదానికి పురాణాలు శాపకథలు చెబుతాయి, ఒక్కో పురాణం ఒక్కోటి. వాటిని కారణాలనుకోవడం కంటే, అప్పటికే పూజ లేకపోవడాన్ని వివరించడానికి పుట్టిన కథలనుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఐదురాళ్ళు
ఈ చర్చ చూసి లాగిన్ అయ్యాను. మా ఇంట్లో తాతగారి చెక్కపెట్టె ఒకటి ఉంది. అందులో ఐదు రాళ్ళు. నున్నటి గుడ్డులాంటిది ఒకటి, నల్లటిది రంధ్రంతో ఒకటి, ఎర్రది, అద్దంలా ఉన్నది, బంగారు జీరలున్నది. నాన్న పోయాక ఎవరూ ముట్టుకోలేదు. ఇవి త్రిమూర్తులకి సంబంధించినవేనా? మూడుండాలి కదా, ఐదెందుకున్నాయి?

పాతతాటాకు
మీ తాతగారు పంచాయతనం చేసేవారు. స్మార్తుల ఇళ్ళల్లో ఉండే పూజ. గుడ్డులాంటిది నర్మదలో దొరికే బాణలింగం, శివుడు. రంధ్రమున్న నల్లటిది గండకీ నది సాలగ్రామం, విష్ణువు. ఎర్రది శోణభద్ర శిల, గణపతి. అద్దంలాంటిది స్ఫటికం, సూర్యుడు. బంగారు జీరలున్నది స్వర్ణముఖి నది రాయి, అమ్మవారు. చూశారా, ఇక్కడా బ్రహ్మ లేడు.

ఇష్టదైవం అనే మాటకి నిజమైన పనిముట్టు ఈ పెట్టే. ఐదుగురూ ప్రతి ఇంట్లోనూ ఉంటారు, మధ్యలో ఎవరు అన్నదే మారుతుంది. శివుడు మధ్యలో ఉంటే ఈశాన్యంలో విష్ణువు, ఆగ్నేయంలో సూర్యుడు, నైఋతిలో గణపతి, వాయవ్యంలో అమ్మవారు. విష్ణువు మధ్యలోకొస్తే ఈశాన్యానికి శివుడు వెళ్తాడు, ఆగ్నేయానికి గణపతి, నైఋతికి సూర్యుడు, అమ్మవారు వాయవ్యంలోనే. మధ్యలో ఉన్నవాడు ఇంటి యజమాని, మిగతా నలుగురూ పరివారం. పక్కింట్లో అదే పరివారంలోని ఒకరు యజమాని. ఎవర్నీ పెట్టెలోంచి తీసేయలేదు, ఎవరూ సమానంగా ఒకే వరసలోనూ కూర్చోలేదు.

తిరుమణిపెట్టె
అదే మాకు కుదరనిది. నా ఇష్టం కొద్దీ పరమాత్మని మూలకి జరపడం, మధ్యలోకి తేవడం! మా ఇంట్లో సాలగ్రామాలే ఉంటాయి, వేరే దేవతలుండరు. ఇష్టం మనది కాదండీ, ఆయనది.

పాతతాటాకు
మీ దారిలో అది పూర్తిగా సరైనదే. మీది ఏకాంత భక్తి, దానికి పరివారం అక్కర్లేదు. రెండు దారుల్నీ ఒకే సూత్రంలో ఇరికించలేం.

శంఖుపువ్వు
పెళ్ళయ్యాక నాకు జరిగింది ఇదే. అత్తగారింట్లో సాలగ్రామం తప్ప వేరే పూజ లేదు, నేను శ్రీచక్రం తెచ్చుకున్నాను. రెండేళ్ళు గొడవ. ఇప్పుడు నా గదిలో నేను, వాళ్ళ గదిలో వాళ్ళు. దీపావళి రోజు మాత్రం ఇంకా ఎవరి దీపం ముందు వెలిగించాలో తేలలేదు.

ఐదురాళ్ళు
పాతతాటాకు గారూ, మా తాతగారికి మధ్యలో ఎవరుండేవారో రాళ్ళని బట్టి తెలుస్తుందా?

పాతతాటాకు
రాళ్ళని బట్టి తెలియదు. పళ్ళెం ఉంటే దాంట్లో గుంటలు చూడండి, మధ్య గుంట ఏ రాయికి సరిపోతుందో. పళ్ళెం లేకపోతే ఆయన పూజ చూసినవాళ్ళని అడగాల్సిందే.

మారేడుదళం
ఆ బంధువుకి ఫోన్ చేసి హాలాహలం పద్యం చదివి వినిపించాను. కాసేపు ఊరుకుని, "పోతనగారే అన్నారా?" అన్నారు. తర్వాత, "అయినా సహస్రనామం చదివితే నష్టమేముంది" అన్నారు. ఆయన మారరు. అమ్మ మాత్రం ఆ పద్యం కాగితం మీద రాసిమ్మని అడిగి తీసుకుంది.

ఐదురాళ్ళు
పళ్ళెం దొరకలేదు. మేనత్తకి ఫోన్ చేశాను, ఆవిడకిప్పుడు ఎనభై దాటాయి. తాతగారు మధ్యలో సాలగ్రామమే పెట్టేవారట. కానీ అభిషేకం చేసేటప్పుడు గొంతెత్తి చదివింది మాత్రం రుద్రమట, వీధి చివరిదాకా వినబడేదట. ఇప్పుడు నేనేం చదవాలి?

పాతతాటాకు
రుద్రం వస్తే రుద్రం చదవండి. మీ తాతగారికి కుదిరింది కదా.

తిరుమణిపెట్టె
మధ్యలో సాలగ్రామం ఉందంటున్నారు. పురుషసూక్తం చదవండి.